మూడు గడుల మాస్టారు

మా ఇంట్లో కత్తెర కుట్టుపెట్టెలో ఉండేది కాదు, మామయ్య బల్ల మీద ఉండేది. అత్తయ్య ఏ గుడ్డముక్క కత్తిరించాలన్నా ఆయన్ని అడిగి తెచ్చుకోవాల్సిందే. "గుడ్డలు కోసే కత్తెరతో కాగితాలు కోస్తే పదును పోతుందండీ" అని ఆవిడ పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టిన మాట, నేను కోడలిగా వచ్చేనాటికీ అంటూనే ఉంది. ఆయన వింటూనే ఉన్నారు, కాగితాలు కోస్తూనే ఉన్నారు.

మా మామయ్య టీచర్ ట్రైనింగ్ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయన అసలు పేరు మా వాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఊరంతా 'మూడు గడుల మాస్టారు' అనేవారు. దానికి కారణం ఒక్క కాగితం. విద్యా మనస్తత్వశాస్త్రం పుస్తకంలో పిల్లల ఎదుగుదల మీద ఒక లావుపాటి అధ్యాయం ఉంటుంది. ట్రైనింగ్‌కి వచ్చిన వాళ్ళు దాన్ని చూడగానే నీరుగారిపోతారు. మామయ్య ఆ అధ్యాయం మొత్తాన్ని ఒక కాగితం మీదికి కుదించారు. మొదటి గడిలో పియాజే, ఎరిక్‌సన్, వైగాట్‌స్కీ అనే ముగ్గురు శాస్త్రవేత్తల్లో ఎవరు చెప్పారు, రెండో గడిలో పిల్లలు ఏ వయసులో ఎలా ఉంటారని చెప్పారు, మూడో గడిలో అది తెలిశాక తరగతిలో మనం ఏం చేయాలి. అంతే. ఆ కాగితం కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో ఏళ్ళ తరబడి దొరికేది. ఆయన రిటైరైనా కాగితం మాత్రం రిటైర్ కాలేదు.

అంత పెద్దమనిషి కోడలు అదే పేపర్ తప్పింది. ఆ కోడలు నేనే.

అప్పటికి నేనొక చిన్న ప్రైవేటు బడిలో రెండో తరగతి చెబుతున్నాను. పిల్లలంటే ప్రాణం. నోరు కూడా గట్టిదే, తరగతి హద్దులో ఉండేది. కానీ ట్రైనింగ్ పూర్తి చేయని వాళ్ళని ఇక ఉంచుకోవడానికి లేదని మా హెడ్మిస్ట్రెస్ పిలిచి చెప్పింది. మిగతా పేపర్లన్నీ గట్టెక్కాయి, మనస్తత్వశాస్త్రం ఒక్కటే పోయింది. ఈసారి రాసి పాసైతే నా తరగతి నాది. లేకపోతే కొత్త సంవత్సరానికి నా బల్ల దగ్గర ఇంకొకరు కూర్చుంటారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు బడిలో గోడకి అంటించిన పిల్లల బొమ్మలు చూసినా ఏడుపు వచ్చేది.

ఫలితాలు వచ్చిన రోజు మామయ్య నా జవాబులు నన్నే చెప్పమన్నారు. నాకు గుర్తున్నంత వరకు చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"ఎరిక్‌సన్ కింద మూర్త ప్రచాలక దశ రాశావా?"

"రాశాను మామయ్యా."

"ఆ దశ పియాజేది. మరి పియాజే కింద ఏం రాశావు?"

"శ్రమించడం, న్యూనత అని..."

"అది ఎరిక్‌సన్‌ది. పోనీలే, ఇద్దరికీ సమానంగానే అన్యాయం చేశావు."

అత్తయ్య వంటింట్లోంచి కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. "మీ కాగితమే బట్టీ పట్టాను. అందులో గడులు పక్కపక్కనే ఉన్నాయి, కలిసిపోయాయి. దానికి నేనేం చెయ్యను?" అన్నాను. మామగారితో అలా మాట్లాడే కోడలు ఎక్కడైనా ఉంటుందేమో నాకు తెలియదు, మా ఇంట్లో మాత్రం ఉండేది. ఆయన కోప్పడలేదు. కత్తెర నా వైపు జరిపారు.

"నా కాగితం పక్కన పడెయ్యి. నీది నువ్వు చేసుకో."

అలా మొదలైంది ఆ వేసవి. బడికి సెలవులు. మా ఆయన పొద్దున్నే పనికి వెళ్ళిపోయేవారు. వంటిల్లు సర్దుకుని నేను వరండాలో మామయ్య బల్లకి ఇటువైపు కూర్చునేదాన్ని. ఆ బల్లకి ఒక కాలు పొట్టి, దాని కింద మడతపెట్టిన అట్టముక్క ఉండేది. దాని మీద భూతద్దం, కళ్ళజోడు పెట్టె, కత్తెర, కాగితాల బొత్తి. నాలుగేళ్ళ మా అమ్మాయి ఆ బల్ల కిందే ఆడుకునేది. ఇప్పుడు తలుచుకుంటే నా జీవితంలో అంత హాయిగా గడిచిన రోజులు ఇంకెప్పుడూ లేవు. అప్పుడు మాత్రం ముఖం మాడ్చుకుని కూర్చునేదాన్ని.

ఆయన పద్ధతి ఇదీ. అధ్యాయంలో ఒక్కో ముక్క చదవాలి, మూసేయాలి, సొంత మాటల్లో ఒక చీటీ మీద రాయాలి. చీటీ వెనక పుస్తకంలో పేజీ నంబరు వేయాలి. అన్నీ అయ్యాక చీటీలు కలిపేసి, బల్ల మీద సుద్దతో గీసిన మూడు నిలువు గడుల్లో వాటి చోట వాటిని పెట్టాలి. రెండు చోట్ల ఇమిడే చీటీ దొరికితే దాన్ని చించేయాలి.

ఈ చివరి నియమమే నా ప్రాణం తీసింది. మూడో గడి కోసం నేను ముచ్చటగా రాసుకున్న చీటీలు ఉండేవి. 'ఉపాధ్యాయుడు పిల్లలను ప్రేమగా చూడాలి.' 'బోధన పిల్లల కేంద్రంగా సాగాలి.' మామయ్య ఒక్కోదాన్నీ రెండు వేళ్ళతో ఎత్తి చూపించేవారు.

"ఇది పియాజే పక్కన పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు."

"వైగాట్‌స్కీ పక్కన?"

"పెట్టొచ్చు."

"ఎరిక్‌సన్ పక్కన?"

"ఆయన పక్కనా పెట్టొచ్చు మామయ్యా, అయితే ఏమైందిప్పుడు?"

"అందరి పక్కనా పెట్టొచ్చంటే ఎవరి మాటా కాదన్నమాట. చించెయ్యి."

చించేదాన్ని. చించేటప్పుడు కొంచెం గట్టిగానే చించేదాన్ని, ఆయనకి వినబడాలని. మొదటి వారం గడిచేసరికి మూడో గడి దాదాపు ఖాళీ. రెండో గడి మాత్రం నిండింది. పియాజే దశలు నాలుగూ వరసగా కుదిరాయి. పుట్టినప్పటి నుంచి రెండేళ్ళ దాకా ఇంద్రియ చాలక దశ, పట్టుకుని, నోట్లో పెట్టుకుని లోకాన్ని తెలుసుకునే కాలం. ఏడేళ్ళ దాకా పూర్వ ప్రచాలక దశ, మాటలు పొంగుతాయి కానీ కంటికి ఎలా కనిపిస్తే అదే నిజం. పదకొండు దాకా మూర్త ప్రచాలక దశ, వస్తువులు ఎదురుగా ఉంటే తర్కం నడుస్తుంది. ఆ తర్వాత నియత ప్రచాలక దశ, వస్తువు లేకుండానే 'అలా అయితే ఏమవుతుంది' అని ఊహించగలరు. ప్రతి వయసు ముందూ 'సుమారు' అని రాయించారు మామయ్య. నేనొక చోట మరిచిపోతే చీటీ వెనక్కిచ్చారు. "ఏడో పుట్టినరోజు పొద్దున్న ఎవడూ కొత్త దశలో నిద్ర లేవడు" అన్నారు.

వైగాట్‌స్కీ దగ్గరికి వచ్చేసరికి రెండో గడిలో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ అధ్యాయంలో ఆయన పేరు మీద వయసుల వారీ దశలు కనబడలేదు. భయం భయంగా అదే మాట చెప్పాను.

"మరి ఖాళీగా వదిలెయ్యి. ఖాళీ గడి కూడా జవాబే. అక్కడేదో ఒకటి ఇరికించాలని చూస్తావు చూడు, అక్కడే పప్పులో కాలేస్తావు." ఆ రోజు మొదటిసారి ఆయన ముఖంలో నా మీద నమ్మకం కనిపించింది. నేను వంటింట్లోకి వెళ్ళి అత్తయ్యకి చెప్పుకున్నాను కూడా. ఖాళీ గడికి మెచ్చుకోలు వచ్చిందని ఆవిడ మళ్ళీ నవ్వింది.

మూడో గడి నింపడం నాకు నేర్పింది మా అమ్మాయి. ఒక మధ్యాహ్నం అది నీళ్ళు అడిగింది. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా పోశాను, ఒకటి దానికి, ఒకటి తాతకి. మామయ్య చూస్తుండగానే తన గ్లాసులో నీళ్ళని సన్నటి పొడుగు గ్లాసులోకి వంచారు.

"ఇప్పుడు ఎవరి దాంట్లో ఎక్కువున్నాయే?"

"నీదాంట్లో. నాకూ అంత కావాలి" అని అది పెదవి విరిచింది.

పుస్తకంలో చదివిందే. అయినా సొంత కూతురు అలా అంటే తల్లికి మనసు ఊరుకుంటుందా. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నీళ్ళు వెనక్కి పోసి, మళ్ళీ వంచి, "చూశావా, రెండూ సమానం. ఏదీ, సమానం అను" అని నాలుగైదు సార్లు అనిపించాను. చివరికి తాత అడిగితే "సమానం" అంది. నేను విజయగర్వంతో చూశాను.

మామయ్య నా చీటీల్లోంచి కొన్ని తీసి రెండు వరసలుగా ఎదురెదురుగా పేర్చారు. సమానమేనని దానిచేతే ఒప్పించారు. తర్వాత ఒక వరసని ఎడంగా జరిపి, "ఏ వరసలో ఎక్కువున్నాయి?" అన్నారు.

"ఈ పొడుగుదాంట్లో" అంది నా కూతురు, తడుముకోకుండా.

"నువ్వు దానికి జవాబు ఇచ్చావమ్మాయ్. ఆలోచన ఇంకా దాని దగ్గరికి రాలేదు. వస్తుంది, తొందరేముంది" అన్నారు మామయ్య. చీటీలు దగ్గరికి చేరుస్తూ, "పోయినసారి పరీక్షకి నువ్వు నా కాగితంతో చేసింది కూడా ఇదే కదా" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆ సాయంత్రం రాసిన చీటీని ఆయన చించమనలేదు. 'చిన్న తరగతిలో లెక్క చెప్పేముందు గింజలు, పుల్లలు చేతికివ్వాలి. సరైన జవాబు చెప్పినా ఎందుకలా అని అడగాలి. చెప్పలేకపోతే వస్తువులతో మళ్ళీ ఆడనివ్వాలి.' ఇది పియాజే పక్కన తప్ప ఇంకెక్కడా అంత బాగా కుదరదు. ఆ ఊపులోనే ఎరిక్‌సన్‌కి కూడా రాసేశాను. ఆరు నుంచి పన్నెండు దాకా, సుమారుగా, పిల్లలు 'నేను చేయగలను' అన్న నమ్మకమో 'నా వల్ల కాదు' అన్న చిన్నతనమో తెచ్చుకునే కాలం. కాబట్టి పూర్తి చేయగలిగే పని ఇవ్వాలి, పూర్తి చేసిన పనిని పేరు పెట్టి మెచ్చుకోవాలి, అందరి ముందూ మార్కులు చదివి పోల్చకూడదు. ఆ చీటీ చదువుకుని మామయ్య భూతద్దం పక్కన పెట్టి, "నీ రెండో తరగతి వాళ్ళు అదృష్టవంతులు" అన్నారు. ఆ మాట ఇవాళ్టికీ నాకు వినబడుతుంది.

ఇక వైగాట్‌స్కీ మూడో గడి మిగిలింది. పరీక్ష దగ్గర పడింది. నేను కంగారు పడుతున్నానని మా ఆయన జాలిపడి, వస్తూ వస్తూ జిరాక్స్ షాపులో నాన్నగారి కాగితమే ఒకటి పట్టుకొచ్చారు. "చూసి ఒక్క చీటీ రాసుకుంటే కొంపేం మునగదు" అన్నారు. నాకూ ఆ మాట తీయగానే అనిపించింది. మామయ్య చేతిరాతలో ఉన్న వాక్యాన్ని మాట మార్చకుండా దించేశాను. 'పిల్లవాడు ఒంటరిగా చేయలేని పనిలో పెద్దవాళ్ళు తగినంత ఆసరా ఇచ్చి, వాడికి పట్టు దొరికే కొద్దీ తీసేయాలి. దీనికి వైగాట్‌స్కీ పెట్టిన పేరు స్కాఫోల్డింగ్, అంటే గోడ కట్టేటప్పుడు కట్టే పరంజా.'

మర్నాడు మామయ్య ఆ చీటీ ఎత్తి చూశారు. చదివి మురిసిపోయారు. తిప్పి చూశారు.

"వెనక పేజీ నంబరేది?"

"ఇప్పుడే వేస్తాను మామయ్యా" అని పుస్తకం తెరిచాను. సామీప్య వికాస మండలం గురించి ఉంది. పిల్లవాడు ఒక్కడే చేయగలిగిన దానికీ, తెలిసినవాళ్ళ సాయంతో చేయగలిగిన దానికీ మధ్య ఉన్న జాగా అది, అక్కడే చదువు చెప్పాలి అని. ఆ పేజీలోనే పరంజా మాట కూడా ఉంది. హమ్మయ్య అనుకుని నంబరు వేయబోతూ, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది కూడా చదివాను. నా చేయి ఆగిపోయింది.

"ఏంటమ్మా, దొరకలేదా?"

"దొరికింది. కానీ ఇందులో ఇంకోలా ఉంది."

"చదువు."

చదివాను. ఆ ఆలోచనకి వేరు వైగాట్‌స్కీ దగ్గర ఉన్నా స్కాఫోల్డింగ్ అన్న పేరు ఆయన పెట్టింది కాదు, ఆయన పోయి నలభై ఏళ్ళు దాటాక బ్రూనర్, మరో ఇద్దరు కలిసి రాసిన వ్యాసంలో వచ్చింది అని ఉంది.

మామయ్య పుస్తకం లాక్కున్నారు. లాక్కున్నారనే రాస్తున్నాను, ఎందుకంటే ఆయన మా దగ్గరి నుంచి ఏదీ అంతకు ముందు లాక్కోలేదు. భూతద్దం పెట్టి చూశారు. "కొత్త పుస్తకం. అచ్చుతప్పై ఉంటుంది" అన్నారు. నాకు కూడా పౌరుషం వచ్చింది. "అచ్చుతప్పంటే అక్షరం పోతుంది మామయ్యా, ముగ్గురు మనుషులు ఎక్కడి నుంచో వచ్చి చేరరు" అన్నాను. ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు భోజనం సగంలోనే లేచిపోయారు. అత్తయ్య నన్ను ఒక చూపు చూసింది. ఆ చూపుతో పోలిస్తే నాలుగు తిట్లు తినడం నయం.

మర్నాడు పొద్దున ఆయనే నన్ను కేకేశారు. బల్ల మీద పాత పెట్టెలోంచి తీసిన పుస్తకాలు రెండు మూడు ఉన్నాయి. చేతుల వణుకు అప్పటికే మొదలైంది, పేజీలు తిప్పలేకపోతున్నారు. నేను తిప్పుతుంటే ఆయన చూసుకుంటూ పోయారు. ఒకదాంట్లో ఆ విషయమే లేదు. ఇంకోదాంట్లో ఉంది, మా పుస్తకంలో ఉన్నట్టే. ఆ పేజీ పక్కన ఎప్పుడో ఆయనే పెన్సిల్‌తో గీసుకున్న గీత కూడా ఉంది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "చూశావా, ఇది చదివాను కూడా. మనసుకి ఎక్కలేదు. అప్పటికే కాగితం రాసేశాను కదా."

నాకు అప్పుడు కోపమంతా ఎటు పోయిందో పోయింది. ఆ మనిషిని అలా చూడలేకపోయాను. "చిన్న మాటే కదా మామయ్యా, వదిలేయండి. ఆలోచన ఎలాగూ వైగాట్‌స్కీ నుంచి వచ్చిందే" అన్నాను.

"చిన్నదే. అందుకే ఇన్నేళ్ళూ ఎవరి కంటా పడలేదు."

ఆ సాయంత్రం మా ఆయన అసలు సంగతి బయటపెట్టారు. ఆ పేపర్‌కి మార్కులు ఎలా వేయాలో రాసిచ్చేది కాలేజీలో అందరూ పొడుగు మాస్టారు అని పిలిచే ఒకాయన. ఆయన మామయ్య శిష్యుడు. దిద్దే మిగతా వాళ్ళూ ఎక్కువమంది ఈ కాగితం చదివి పైకొచ్చిన వాళ్ళే. "నువ్వు వైగాట్‌స్కీ పెట్టిన పేరు కాదని రాస్తే, నాన్నగారి కోడలికి నాన్నగారి పాఠమే రాలేదని మార్కులు కోస్తారు. నీకున్నది ఇదొక్క అవకాశం. కాగితంలో ఉన్నదే రాసి పాసవ్వు, నిజం తర్వాత చెప్పుకుందాం" అన్నారు. ఆయన మాటలో తప్పేం లేదు. నా తరగతి గది కళ్ళ ముందు కదిలింది. మామయ్య వైపు చూశాను.

"ఏది రాయమంటారు మామయ్యా?"

"ఏ మాటకి నీ చీటీ వెనక పేజీ నంబరు వెయ్యగలవో ఆ మాట రాయి" అన్నారు. మళ్ళీ ఆయనే అన్నారు, "వాళ్ళ కళ్ళకి అడ్డం పడింది నా కాగితం. దాన్ని తియ్యాల్సింది నేను. రేపు నన్ను కాలేజీకి తీసుకెళ్ళు."

ఆయన కాలేజీ గడప తొక్కి చాలా కాలమైంది. మెట్ల దగ్గర నా భుజం పట్టుకున్నారు. వరండాలో సుద్ద వాసన, గోడలకి ట్రైనింగ్ వాళ్ళు చేసిన అట్టబొమ్మల చార్టులు. మామయ్య ప్రతి గది ముందూ ఆగి లోపలికి తొంగి చూశారు, ఎవరో తన కోసం చూస్తున్నట్టు. పొడుగు మాస్టారు పాఠం మధ్యలో ఉన్నాడు. మామయ్యని చూడగానే సుద్దముక్క కింద పెట్టి పరిగెత్తుకొచ్చి కాళ్ళకి వంగబోయాడు. తరగతి మొత్తం లేచి నిలబడింది. 'మూడు గడుల మాస్టారు' అని గుసగుసలు. అందరి బల్లల మీదా ఆ కాగితమే ఉంది. ఆ కాగితం రాసిన చేయి వాళ్ళెదుట బల్ల అంచు పట్టుకుని వణుకుతోంది.

"కూర్చోండి. నేను మీకు ఒక తప్పు నేర్పాను. అది చెప్పడానికొచ్చాను" అన్నారు మామయ్య.

తడబాటు లేకుండా చెప్పారు. ఏ గడిలో, ఏ వాక్యం, ఏది సరైనది, ఏ పుస్తకంలో చూసుకోవాలి. పొడుగు మాస్టారు ఇబ్బందిగా కదిలాడు. "సార్, మీరు ఇంత దూరం రావాలా, ఇంత చిన్నదానికి. మేమే ఎప్పుడో..."

"మీరు ఎప్పుడో అనలేదు నాయనా. మా కోడలు అంది. చీటీ వెనక పేజీ నంబరు వేయమని నేనే ప్రాణం తీస్తే, పాపం, వెతికింది. నా కాగితం వెనక నేను వేసుకోలేదు" అన్నారు. అందరి తలలూ నా వైపు తిరిగాయి. నాకు నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది. అదే సమయంలో పట్టలేనంత గర్వం కూడా కలిగింది, దాచుకోవడమెందుకు.

పొడుగు మాస్టారు వెనక్కి తిరిగాడు. సుద్ద తీసుకుని బోర్డు మీద మామయ్య చెప్పిన వాక్యం మాటకి మాట రాశాడు. రాసి, "దిద్దేవాళ్ళకి నేను చెప్తాను సార్" అన్నాడు.

అక్కడి నుంచి జిరాక్స్ షాపుకి. షాపాయన అసలు ప్రతిని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దేవుడి పటంలాగా గోడకి తగిలించుకున్నాడు. దాని మీద గీత పడుతుందంటే ఒప్పుకోడే. "సార్, జనానికి అలవాటైన కాగితం. కొట్టివేతలుంటే నకిలీది అనుకుంటారు సార్" అని బతిమాలాడు. మామయ్య నవ్వారు, ఆ రెండు రోజుల్లో మొదటిసారి. కాగితం బల్ల మీద పరిచి, కలం నా చేతికిచ్చారు.

"నా చేతితో రాస్తే ఎవరికీ అర్థం కాదు. నువ్వు రాయి."

"నేనా? మీ కాగితం మీదా?"

"తప్పు కనిపెట్టడానికి లేని మొహమాటం దిద్దడానికొచ్చిందేం?"

'వైగాట్‌స్కీ పెట్టిన పేరు' అన్న ముక్క కొట్టేశాను. పైన ఉన్న సందులో, ఆయన ముత్యాల్లాంటి అక్షరాల మధ్య నా కోడిగీతలతో ఇరికించి రాశాను. 'ఆలోచనకు మూలం వైగాట్‌స్కీ. పేరు తర్వాత వచ్చింది, బ్రూనర్.' చోటు అంతే ఉంది. షాపాయన నిట్టూర్చి మిషన్ మూత ఎత్తాడు. మొదటి కాపీ వేడివేడిగా బయటికి వస్తే మామయ్య దాన్ని తీసుకుని, జేబులో పెట్టుకోకుండా, ఇంటి దాకా చేతిలోనే పట్టుకుని నడిచారు.

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. నా చీటీ వెనక పేజీ నంబరు వేయగలిగిన మాటే రాశాను. పాసయ్యాను. నా రెండో తరగతి నాకు దక్కింది. ఆ తర్వాత సర్కారు బడికి మారాను, పెద్ద టీచరునయ్యాను, జుట్టు నెరిసింది. మామయ్య మధ్యలో వెళ్ళిపోయారు. చివరి రోజుల్లో చేతులు బొత్తిగా స్వాధీనంలో ఉండేవి కావు. చెంచా సగం దూరం నేను పట్టుకుంటే మిగతా సగం ఆయనే తెచ్చుకునేవారు. "పరంజా బాగానే కట్టావు, తీసెయ్యి ఇంక" అని వేళాకోళం చేసేవారు. నేను చేయి తీసేదాన్ని. మెతుకులు ఒలికినా సరే, తీసేదాన్ని. పోయాక అత్తయ్య కత్తెర కుట్టుపెట్టెలో పెట్టబోయి, మళ్ళీ బల్ల మీదే పెట్టింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

మొన్న మా బడికి ట్రైనింగ్ వాళ్ళు పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి వచ్చారు. వాళ్ళలో ఒక పిల్ల, గలగలా మాట్లాడే పిల్ల, విరామంలో నా గదికి వచ్చి ఒక కాగితం పరిచింది. కాపీకి కాపీ తీసీ తీసీ మాసిపోయిన కాగితం. మూడు గడులు. మామయ్య అక్షరాలు. మధ్యలో కోడిగీతలు.

"మేడమ్, ఈ రెండో చేతిరాత ఎవరిదో మా కాలేజీలో ఎవరికీ తెలీదు. కానీ ఎవరు రాశారో గానీ సగమే రాశారు. ఇక్కడ బ్రూనర్ ఒక్కడి పేరే ఉంది. ఆ వ్యాసం రాసింది ముగ్గురు. వుడ్, బ్రూనర్, రాస్. వుడ్ పేరే ముందుంది."

నాకు చర్రున కోపం వచ్చింది. సందులో చోటు లేదని, నీకేం తెలుసని, నీ వయసెంతని అనబోయాను. నోటి దాకా వచ్చింది. అప్పుడు కాలేజీ బల్ల అంచు పట్టుకుని నిలబడిన మామయ్య కనిపించారు. చిన్నదే, అందుకే ఇన్నేళ్ళూ ఎవరి కంటా పడలేదు.

"ఏ పేజీలో ఉందమ్మా?" అన్నాను.

తడుముకోకుండా చెప్పింది.

"ఆ రెండో చేతిరాత నాదే" అని చెప్పి, కలం ఆ పిల్ల చేతికిచ్చాను. "పక్కన కొంచెం జాగా ఉంది చూడు. నువ్వు రాయి."